రెండు రీఫండ్లూ నా లిమిట్ లోపలే ఉన్నాయి, అయినా తప్పేనా?

కొత్త_డెస్క్
నేను రీఫండ్ డెస్క్‌లో చేరి నాలుగు నెలలైంది. నా లిమిట్ 2,000. అది దాటితే సూపర్‌వైజర్‌కు పంపాలి. మొన్న ఒక కస్టమర్, మూడు వస్తువుల ఆర్డర్, మొత్తం 5,400. ఒకటి పగిలి వచ్చిందన్నారు, ఫోటో చూసి 1,800 ఇచ్చేశాను. మర్నాడు ఆయనే మళ్లీ ఫోన్ చేసి రెండోదీ పనిచేయట్లేదన్నారు. దానికీ ఫోటో ఉంది, ఇంకో 1,800 ఇచ్చాను. సిస్టమ్ రెండుసార్లూ ఏమీ అడ్డు చెప్పలేదు. నిన్న సూపర్‌వైజర్ పిలిచి, "3,600 ఎవరినడిగి ఇచ్చావు?" అన్నారు. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. నేను చేసింది తప్పా? ఇంకో రెండు సందేహాలు. డబ్బు కాకుండా స్టోర్ క్రెడిట్ ఇస్తే లిమిట్‌లోకి వస్తుందా? అప్రూవల్ వచ్చేలోపు కస్టమర్‌కు ఏం చెప్పాలి?

ఆడిట్_మనిషి
పధ్నాలుగేళ్లుగా ఇవే లెక్కలు చూస్తున్నాను కాబట్టి సూటిగా చెప్తాను. తప్పే. సిస్టమ్ ఒక్కో ఎంట్రీనే చూస్తుంది. మేము ఆర్డర్ నంబర్ పెట్టి లాగుతాం. ఒకే ఆర్డర్, ఒకే ఉద్యోగి, ఒక్క రోజు తేడా, రెండూ లిమిట్‌కు కాస్త కింద. ఈ నాలుగూ కలిసి కనిపిస్తే ఆ వరుస రిపోర్ట్‌లో ముందుకొస్తుంది. మీ పాలసీ కాగితంలో "ఒక్కో ఆర్డర్‌కు" అని ఉందో, "ఒక్కో లావాదేవీకి" అని ఉందో ముందు చూడండి. ఆర్డర్‌కు అని ఉంటే రెండో 1,800 మీ చేతిలో లేదు.

వేడి_కాఫీ
ఇదెక్కడి న్యాయం? కస్టమర్ రెండోది మర్నాడు తెరిచి చూసుకున్నాడు. ఈ అమ్మాయి ముక్కలు చేసిందా? 3,600ని కావాలని రెండుగా కోసి వేస్తే తప్పు. ఇక్కడ అసలు కోసిందెవరు?

ఆడిట్_మనిషి
కావాలని చేశారా లేదా అన్నది చర్య తీసుకునేటప్పుడు చూసేది. లిమిట్ దాటిందా లేదా అన్నది కూడిక. 1,800కు 1,800 కలిపితే ఎవరి మనసులో ఏముందో దానికి అక్కర్లేదు.

వేడి_కాఫీ
మీరు కూడిక చేస్తారు, మెమో మాకొస్తుంది. లైన్లో ముప్ఫై మంది ఉన్నప్పుడు నిన్నటి ఎంట్రీ తెరిచి చూసే టైమ్ ఎవరికుంది? ఆ స్క్రీన్ ముందు ఒక్క రోజు కూర్చున్నారా మీరు?

ఆడిట్_మనిషి
మూడేళ్లు కూర్చున్నాను. ఆర్డర్ తెరిస్తే రీఫండ్ చరిత్ర అదే పేజీలో కింద ఉండేది. రెండోసారి రిమార్క్స్‌లో "ఇదే ఆర్డర్‌లో నిన్న 1,800 ఇచ్చాం, ఇప్పుడు ఇంకో 1,800 అడుగుతున్నారు, మొత్తం 3,600, ఫోటో జత చేశాను" అని రాసి పైకి పంపితే సరిపోయేది. అప్పుడు ఆ రెండో 1,800 ఇవ్వాలా వద్దా అన్న భారం సూపర్‌వైజర్‌ది.

ఎదురుచూస్తున్నా
నా రీఫండ్ అప్రూవ్ అయిందని మెసేజ్ వచ్చి పన్నెండు రోజులైంది. డబ్బు రాలేదు. మీలాంటి వాళ్లే కదా ఆపేది? ఎవరి లిమిట్‌లో ఇరుక్కుందో చెప్పండి.

బిల్లు_బల్ల
అప్రూవ్ అని వచ్చిందంటే లిమిట్ గొడవ అయిపోయినట్టే. ఆ తర్వాతి ఆలస్యం డబ్బు పంపే దగ్గరో, బ్యాంకులోనో ఉంటుంది. కంపెనీని లావాదేవీ రిఫరెన్స్ నంబర్ అడగండి. అది ఇస్తే బ్యాంకులో వెతికించుకోవచ్చు. ఇవ్వలేకపోతే ఇంకా పంపలేదేమో అని అనుమానించాల్సిందే.

క్రెడిట్ సంగతికొస్తే, అది డబ్బు కాదు కదా. కంపెనీ ఖాతా నుంచి ఏమీ పోదు. మా దగ్గర క్రెడిట్‌కు లిమిటే లేదు, ధైర్యంగా ఇచ్చేయండి.

ఆడిట్_మనిషి
ధైర్యంగా ఇవ్వకండి. కస్టమర్ ఆ క్రెడిట్‌తో రేపు వస్తువు కొంటే ఆ మేరకు డబ్బు రాదు. అప్పటిదాకా అది కంపెనీ నెత్తిన బాకీ. చాలాచోట్ల క్రెడిట్‌కు ఎక్కువ లిమిట్ ఇస్తారు, అంతవరకు మీ మాట నిజం. కానీ 1,800 డబ్బుగా, 1,800 క్రెడిట్‌గా ఇస్తే రెండూ కలిపి చూడాలా అన్నది మీ పాలసీలో రాసి ఉండాలి. రాసి లేకపోతే ఈమెయిల్‌లో అడగండి. నోటిమాట ఆ తర్వాత ఎవరికీ గుర్తుండదు.

సేల్స్_అక్క
నాకు రీఫండ్లతో పని లేదు, డిస్కౌంట్‌తోనే దెబ్బ తిన్నాను. నా లిమిట్ 10 శాతం. అప్పుడు 20 శాతం ఆఫర్ నడుస్తోంది. 10,000 వస్తువు ఆఫర్‌లో 8,000. పాత కస్టమర్ కదా అని నా 10 శాతం వేశాను, 7,200కు బిల్లయింది. దానిపైన డెలివరీ ఛార్జీ 300 తీసేశాను. వస్తువు మాకు పడింది 7,000. డెలివరీ ఖర్చు కలిపితే అమ్మి 100 పోగొట్టుకున్నాం. మేనేజర్, "28 శాతం ఇచ్చావు" అంటారు. నేను ఇచ్చింది 10 శాతమే అంటాను. ఆ ఆఫర్ పెట్టింది నేను కాదు!

వేడి_కాఫీ
అక్కా, ఈ విషయంలో మీ పక్షమే నేను. ఆఫర్ పెట్టినవాళ్లే దాని మీద ఇంకో తగ్గింపు వేయకుండా సిస్టమ్‌లో కట్టేయాలి. తాళం వేయకుండా వదిలేసి మనల్ని అంటే ఎలా?

బిల్లు_బల్ల
మా దగ్గర శాతంతో పాటు కనీస ధర ఒకటి ఉంటుంది. దాని కిందకు పోతే ఒక్క శాతమైనా మేనేజర్‌ను అడగాల్సిందే. శాతం ఒక్కటే పెడితే ఇలాగే అవుతుంది. డెలివరీ ఛార్జీ తీసేయడం కూడా తగ్గింపే అక్కా, చాలామంది దాన్ని లెక్కలోకి తీసుకోరు.

సేల్స్_అక్క
డెలివరీ సంగతి ఒప్పుకుంటాను. ఆఫర్ సంగతి మాత్రం ఒప్పుకోను.

పేరు_వద్దు
లిమిట్ దాటకపోయినా నేను ఇరుక్కున్నాను, చెప్తాను. మా మేనేజర్ తన పాస్‌వర్డ్ చిన్న చీటీ మీద రాసి నా కీబోర్డు కింద పెట్టి వెళ్లేవారు. "నేను లేనప్పుడు నువ్వే నొక్కేయ్" అనేవారు. ఏడాది పాటు నొక్కాను. తర్వాత తనిఖీలో ఒక 6,500 అప్రూవల్ దొరికింది. అది నొక్కిన సమయానికి మేనేజర్ విమానంలో ఉన్నారు. అడిగినదీ అప్రూవ్ చేసినదీ ఒకే కంప్యూటర్ నుంచి, నలభై సెకన్ల తేడాతో. చీటీ విషయం ఆయన గుర్తులేదన్నారు. ఆ రోజు నేను ఇంటికెళ్లి అన్నం తినలేకపోయాను. మీ పైవాళ్లు సెలవు పెడితే వాళ్ల అధికారం ఇంకొకరికి సిస్టమ్‌లోనే, తేదీలతో అప్పగించమనండి. పాస్‌వర్డ్ మాత్రం తీసుకోకండి.

ఆడిట్_మనిషి
ఇది చాలా పెద్ద విషయం. లిమిట్ దాటడం కంటే అడిగినవాళ్లే అప్రూవ్ చేసుకోవడాన్ని మేము తీవ్రంగా చూస్తాం. ఆ మేనేజర్ మీద కూడా రాయాల్సింది.

పేరు_వద్దు
రాయలేదు.

వేడి_కాఫీ
చూశారా? కూడిక ఎప్పుడూ కిందివాళ్ల మీదే.

కొత్త_డెస్క్
అందరికీ థాంక్స్. పాలసీ తెరిచి చూశాను. "ఒక్కో ఫిర్యాదుకు 2,000" అని ఉంది! ఆర్డర్‌కూ కాదు, లావాదేవీకీ కాదు. పగిలింది ఒక ఫిర్యాదు, పనిచేయనిది ఇంకో ఫిర్యాదు అని నేను అనుకుంటున్నాను. ఆడిట్_మనిషి గారూ, దీనికేమంటారు? నా మూడో ప్రశ్నకు మాత్రం ఎవరూ జవాబివ్వలేదు.

బిల్లు_బల్ల
మూడోదానికి నేను చెప్తాను. అంకె మాత్రం నోట రానివ్వకండి. "మీ ఫోటోలు, వివరాలు మా పై అధికారికి పంపాను, రేపు సాయంత్రం ఆరులోపు నేనే ఫోన్ చేసి ఏ సంగతీ చెప్తాను" అనండి. "వచ్చేస్తుంది లెండి" అన్నారంటే కస్టమర్ దాన్ని మాట ఇచ్చినట్టే తీసుకుంటాడు. పైవాళ్లు కాదంటే ఆ గొడవంతా మీ మీదకే. ఇంకోటి, ఆరింటికి అప్రూవల్ రాకపోయినా ఫోన్ మాత్రం చేయండి.

ఆడిట్_మనిషి
"ఫిర్యాదుకు" అని ఉంటే నేను మొదట అన్నంత గట్టిగా అనలేను. రెండు ఫిర్యాదుల టికెట్ నంబర్లు వేరువేరుగా ఉన్నాయా? రెండోసారి కొత్త టికెట్ తెరిచారా, లేక పాతదాన్నే మళ్లీ తెరిచారా?

కొత్త_డెస్క్
పాతదాన్నే మళ్లీ తెరిచాను.