చెరువు షెడ్డులో అయిదు పెట్టెలు: ఏది రౌటర్, ఏది స్విచ్, ఏది మోడెమ్?

గట్టుమీద_రాజు
భీమవరం అవతల మా పెదనాన్నగారి రొయ్యల చెరువులు ఈ ఏడాది నుంచి నేనే చూసుకుంటున్నానండి. షెడ్డులో గోడకి కొట్టిన చెక్క మీద పెట్టెలు, వాటి చుట్టూ వైర్లు, ఎక్కడ మొదలై ఎక్కడ పోతున్నాయో దేవుడికే తెలియాలి. పెట్టినతను గల్ఫ్ వెళ్ళిపోయాడు, ఫోన్ కలవడం లేదు. రేకు కారుతోంది కాబట్టి అన్నీ పక్క గదిలోకి మార్చాలి. ఏది ఏమిటో తెలియకుండా పీకేస్తే మళ్ళీ పెట్టలేనేమోనని టెన్షన్. రాత్రిళ్ళు ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో కెమెరాల్లోనే చూసుకుంటాం మరి.

ఒకటోది తెల్లది, రెండు యాంటెనాలు, కింద నుంచి సన్నటి పసుపు తీగ, దాని పిన్ను ఆకుపచ్చగా ఉంది. రెండోది నల్లది, నాలుగు యాంటెనాలు, వెనక ఒక నీలం కన్నం, నాలుగు పసుపు కన్నాలు. మూడోది ఇనప పెట్టె, యాంటెనాలు లేవు, ఎనిమిది కన్నాలు వరసగా, కాస్త ఎడంగా ఇంకో రెండు. నాలుగోది బయట స్తంభానికి కట్టిన తెల్ల పలక, దానికి ఒక్కటే వైరు, కరెంటు తీగే లేదు. అయిదోది అరచేతిలో పట్టే నల్ల డబ్బా, రెండే కన్నాలు. ఇందులో ఏది ఏంటో చెప్పండి.

తణుకు_కుర్రాడు
సింపుల్ బ్రో. యాంటెనా ఉంటే రౌటర్, లేకపోతే స్విచ్. ఒక కన్నం మిగతావాటికి దూరంగా ఉన్నా అది రౌటరే, ఆ విడి కన్నంలోకి ఇంటర్నెట్ వస్తుంది. అంటే నీ దగ్గర ఒకటి, రెండు, మూడు అన్నీ రౌటర్లే. ఎవడో నీ పెదనాన్నకి బాగా అంటగట్టాడు.

కేబుల్_బాబాయ్
తణుకు తమ్ముడూ, విడి కన్నం చూడమనడం వరకు కరెక్టే, కానీ యాంటెనాలు లెక్కపెట్టడం మానెయ్. ఈ రోజుల్లో ఫైబర్ పెట్టెకీ యాంటెనాలుంటాయి, ఆఫీసుల్లో వైఫై ఇవ్వడానికి సీలింగుకి బిగించే యాక్సెస్ పాయింటుకి బయటికి ఒక్కటీ కనపడదు, లోపలే ఉంటాయి. యాంటెనా చెప్పేది వైఫై ఉందని, అంతే. పెట్టె చేసే పనేమిటో దాన్ని బట్టి తెలియదు.

నేను పాలకొల్లు, నరసాపురం వైపు ఫైబరూ కెమెరాలూ చేస్తుంటాను. ముందుగా చూసేది మిగతావాటితో కలవని కన్నం ఏదైనా ఉందా, ఉంటే అది ఏ జాతిది అని. రాజుగారి ఒకటో పెట్టెలో ఆ కన్నం ఫైబర్‌ది, ఆకుపచ్చ పిన్ను అందుకే. వీధిలో తీగ మీద వచ్చే వెలుగుని మన లాన్ కేబుల్‌కి అర్థమయ్యేలా మార్చేది అదే. జనం మోడెమ్ అంటారు, మేం ఓఎన్‌టీ అంటాం. రెండోదానిలో నీలం కన్నం కూడా మామూలు లాన్ పిన్నే, రంగు మాత్రమే వేరు, దాని మీద వాన్ అనో ఇంటర్నెట్ అనో రాసి ఉంటుంది. అది రౌటర్ ఆకారం. మూడోది లాన్ కేబుల్స్‌ని ఒకదానితో ఒకటి కలిపే స్విచ్చే, ఆ రెండు విడి కన్నాల సంగతి తర్వాత చెప్తా. ముందు రాజుగారూ, ఒకటో పెట్టె మీద ఏయే లైట్లు వెలుగుతున్నాయో, మూడోదాని ముందు ఏం రాసుందో చూసి చెప్పండి. ఫైబర్ తీగని మాత్రం ముట్టుకోకండి, ఆ పిన్ను కొన మీద వేలిముద్ర పడినా సిగ్నల్ తగ్గుతుంది.

రాజోలు_మాస్టారు
మా ఇంట్లో కూడా ఇదే సమస్య నాయనా. ల్యాండ్‌లైన్ రోజుల నాటి మోడెమ్ ఒకటి ఉంది, దానికీ నాలుగు పసుపు కన్నాలూ ఒక యాంటెనా ఉన్నాయి. కొత్తగా ఫైబర్ పెట్టించాం. మేడ మీద గదిలోకి వైఫై రావట్లేదు. పాతదాన్ని మేడ మీద పెడితే వస్తుందా?

కేబుల్_బాబాయ్
మాస్టారూ, దాని విడి కన్నం సన్నగా, ఫోన్ పిన్ను పట్టేంత ఉండి డీఎస్ఎల్ అని రాసుంటే ఫైబర్ దానిలోకి రాదు. కాకపోతే పసుపు కన్నంలోకి కింద నుంచి లాన్ కేబుల్ లాగి, దాని సెట్టింగుల్లో అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ ఆపేసి, దాని అడ్రస్ కొత్త పెట్టెతో తగలకుండా మారిస్తే వైఫై వరకు పనికొస్తుంది. స్పీడు మీద ఆశ పెట్టుకోకండి, ఆ కాలం పెట్టెల్లో చాలావాటికి లాన్ 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగుతుంది.

గట్టుమీద_రాజు
చూశానండి. ఒకటోదాని మీద పవర్, పీఓఎన్, ఎల్ఓఎస్, లాన్, వైఫై అని ఉన్నాయి. పవర్, పీఓఎన్ నిలకడగా పచ్చగా ఉన్నాయి, ఎల్ఓఎస్ అసలు వెలగట్లేదు, అది పోయిందేమో. మూడోదాని మీద ప్రతి కన్నానికీ రెండు లైట్లు, ఒకటి లింక్, ఒకటి పీఓఈ. ఆ విడి రెండింటికీ ఒక్కో లైటే. పక్కన చిన్న బొత్తాం లాంటిది ఉంది, ఎక్స్‌టెండ్ అని. ఆన్‌లో ఉంది.

కేబుల్_బాబాయ్
ఎల్ఓఎస్ వెలగకపోవడమే మంచిదండి. అది ఎర్రగా కొట్టుకుంటుంటే తీగలో వెలుగు రావట్లేదని అర్థం. గాలివానకి కొబ్బరిచెట్టు తీగ మీద పడ్డప్పుడు మాకు వచ్చే ఫోన్లన్నీ ఆ ఎర్ర లైటు గురించే. పీఓఎన్ పచ్చగా నిలిచిందంటే అవతలి ఆఫీసుతో కలిసిందన్నమాట, కొట్టుకుంటుంటే ఇంకా ప్రయత్నిస్తోందని. ఈ రెండు లైట్లూ ఉన్న పెట్టె ఫైబర్ పెట్టెయే, ఆకారం ఎలా ఉన్నా సరే.

ఇక మూడోది. ఇది కెమెరాల కోసం చేసిన పీఓఈ స్విచ్. ఎనిమిది కన్నాలు కెమెరాలవి, డేటాతో పాటు కరెంటూ అదే కేబుల్‌లో పంపిస్తాయి. ఆ విడి రెండూ పైకి వెళ్ళడానికి, ఒకటి రౌటర్ వైపు, ఒకటి కెమెరా రికార్డర్ వైపు. వాటిలో కరెంటు రాదు కాబట్టే పీఓఈ లైటు లేదు. తణుకు తమ్ముడు చెప్పినట్టు దీన్ని రౌటర్ అనుకుని మార్చేటప్పుడు కెమెరా కేబుల్ ఆ విడి కన్నంలో గుచ్చారనుకోండి, కెమెరా చచ్చినట్టు పడుంటుంది, మీరు కెమెరా పోయిందని కొత్తది కొంటారు. రౌటర్ కాదనడానికి ఇంకో గుర్తు, తిప్పి చూడండి, అడుగున స్టిక్కర్ మీద వైఫై పేరు, పాస్‌వర్డ్ ఉండవు. మామూలు స్విచ్ అయితే రీసెట్ కోసం పిన్నుతో నొక్కే సన్న చిల్లు కూడా ఉండదు, ఎందుకంటే రీసెట్ చేయడానికి అందులో సెట్టింగులే లేవు.

ఎక్స్‌టెండ్ బొత్తాం మాత్రం కదపకండి. లాన్ కేబుల్ మామూలుగా 100 మీటర్ల వరకే. చెరువు గట్టు చివర కెమెరా దానికన్నా దూరం ఉంటే, స్పీడు 10 ఎంబీపీఎస్‌కి దించి 250 మీటర్ల దాకా లాగడానికి ఆ బొత్తాం పెడతారు. ఆపేస్తే దూరం కెమెరాలు రాలిపోతాయి.

లంక_మనిషి
ఒక్కమాట, పీకేముందు అడాప్టర్లకి టేపు అంటించి నంబర్లు రాసుకోండి. పీఓఈ స్విచ్ అడాప్టర్ 48 వోల్టులో 52 వోల్టులో ఉంటుంది, రౌటర్లది ఎక్కువగా 12. పిన్ను ఒకేలా ఉండి దూరేస్తే రౌటర్ పొగే. మా లంకలో ఒకాయన గుడి కెమెరాలకి ఇలాగే చేశాడు, ఆయ్, వాసన రెండు రోజులు పోలేదు.

తణుకు_కుర్రాడు
సరే స్విచ్ ఒప్పుకున్నా. కానీ ఒకటోది ఫైబర్ మోడెమ్, రెండోది రౌటర్ అయితే, ఒకటోదానికి వైఫై లైటు ఎందుకుంది? రెండూ రౌటర్ పని చేస్తున్నాయా?

సాయంత్రం_షిఫ్ట్
అది ఆకారం చూసి తేలదు. రెండోదాని నీలం కన్నంలో కేబుల్ ఉందా, పసుపులో ఉందా అన్నది చూడాలి. పసుపులోకే పెట్టి డీహెచ్‌సీపీ ఆపేస్తే రౌటర్‌గా కొన్న పెట్టె యాక్సెస్ పాయింట్‌గా బతుకుతుంటుంది. తేల్చడానికి ల్యాప్‌టాప్ వైఫై ఆపేసి, ఆ పెట్టెకున్న మిగతా లాన్ కేబుల్స్ అన్నీ తీసేసి, ఒక పసుపు కన్నం నుంచి ల్యాప్‌టాప్‌కి మాత్రమే వైరు పెట్టి, విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొట్టండి:

```
ipconfig
```

192.168 తో మొదలయ్యే అడ్రస్ వస్తే ఆ పెట్టె అడ్రసులు పంచుతోంది, రౌటర్ పనిలో ఉందన్నమాట. కాసేపు ఆగాక 169.254 తో వస్తే ఎవరూ ఇవ్వలేదు, ల్యాప్‌టాప్ తనకు తానే పెట్టుకుంది. అప్పుడది యాక్సెస్ పాయింటో, స్విచ్చో. మిగతా కేబుల్స్ తీయకుండా చేస్తే మాత్రం వేరే పెట్టె ఇచ్చిన అడ్రస్ దీని గుండా వచ్చి మోసపోతారు.

గట్టుమీద_రాజు
చేశానండి, మధ్యాహ్నం కెమెరాలు కాసేపు ఆపి. నీలం కన్నం ఖాళీ, లోపల సాలెగూడు. పసుపులోంచే స్విచ్‌కి వైరు. రెండోది 169.254 ఇచ్చింది. ఒకటోదానికి పెడితే 192.168.1.4 వచ్చింది, డీఫాల్ట్ గేట్‌వే 192.168.1.1 అని చూపించింది.

సాయంత్రం_షిఫ్ట్
అయితే మీ రౌటర్, మోడెమ్ రెండూ ఆ తెల్ల పెట్టెలోనే ఉన్నాయి. నాలుగు యాంటెనాల నల్లది షెడ్డులో వైఫై కోసం పెట్టిన యాక్సెస్ పాయింట్. కొత్త గదిలో కూడా నీలం కన్నం ముట్టుకోకుండా పసుపులోనే పెట్టండి. దాన్ని రీసెట్ చేయొద్దు, చేస్తే డీహెచ్‌సీపీ మళ్ళీ మొదలై, రెండు పెట్టెలూ అడ్రసులు పంచి కెమెరాలు ఒకరోజు కనపడి ఒకరోజు కనపడవు.

తణుకు_కుర్రాడు
కంపెనీ వాడు పెట్టె మీద రౌటర్ అని వేశాడుగా, అది రౌటరే. పని మారితే పేరు మారుతుందా.

కేబుల్_బాబాయ్
కొట్టుకి వెళ్ళి కొనేటప్పుడు రౌటర్ అను, చెరువు దగ్గర రిపేరుకి వెళ్ళినప్పుడు యాక్సెస్ పాయింట్ అను, నాకేం గొడవ లేదు.

రాజుగారూ, అయిదో డబ్బా మీద ఒక పక్క లాన్, ఇంకో పక్క పీఓఈ అని ఉందేమో చూడండి. ఉంటే అది ఇంజెక్టర్, స్తంభం మీది పలకకి కరెంటు ఇచ్చేది అదే. చవకవాటిలో చాలావరకు అవతల ఏముందో అడక్కుండానే కరెంటు తోసేస్తాయి, కాబట్టి పీఓఈ వైపు కేబుల్ పలకకి తప్ప దేనికీ పెట్టకండి, ల్యాప్‌టాప్‌కి అసలే వద్దు. తెల్ల పెట్టెని జరపాలంటే మాత్రం ఫైబర్ ఎంత వదులుందో చూసుకోండి. చాలకపోతే లాగకుండా దాన్ని పొడి గోడకి మార్చి, అక్కడి నుంచి గదిలోకి లాన్ కేబుల్ వేసుకోండి. ఫైబర్ అతకాలంటే మెషీన్ కావాలి, లైన్ వాళ్ళే రావాలి.

గట్టుమీద_రాజు
అవునండి, లాన్, పీఓఈ అనే ఉంది. మరి ఆ పలక కూడా యాక్సెస్ పాయింటేనా? దాని అడుగున నాలుగు చిన్న లైట్లు వరసగా ఉన్నాయి, మూడు వెలుగుతున్నాయి. ఫోన్లో దాని పేరుతో వైఫై ఏదీ కనపడట్లేదు.

లంక_మనిషి
చెరువుల మీద వైఫై కోసం పెట్టిన అవుట్‌డోర్ యాక్సెస్ పాయింటే అయ్యుంటుంది, పేరు దాచేసి ఉంటారు.

కేబుల్_బాబాయ్
నాలుగు లైట్ల వరస ఉంటే నాకు అవతల జోడీ ఉందనిపిస్తుంది. అవి సిగ్నల్ ఎంత బలంగా అందుతోందో చూపించేవి, వైరు లేకుండా లైను అందుకోవడానికి అటువైపు షెడ్డులో ఇలాంటి పలకే దీని వైపు తిరిగి ఉండొచ్చు. కానీ లంక మనిషి చెప్పిందీ కొట్టేయలేను, ఒకే పెట్టెని రెండు రకాలుగానూ పెట్టుకోవచ్చు. పలక ముఖం ఎటు తిరిగి ఉంది?

గట్టుమీద_రాజు
కాలవ అవతల కౌలుకిచ్చిన చెరువుల వైపండి. అక్కడా ఒక షెడ్డు ఉంది, తాళం వాళ్ళ దగ్గరే. ఎల్లుండి వాళ్ళకి పట్టుబడి, అప్పుడు వెళ్ళి స్తంభం ఎక్కి చూసి చెప్తాను. ఈలోపు ఆ పలకని, ఇంజెక్టర్‌ని ఉన్నచోటే ఉంచి మిగతావి మారుస్తాను.