“గ్యాస్ పట్టింది”, “గుక్కపట్టి ఏడుస్తోంది”: ఏ మాట దేనికి?

శ్రీలత: అంగన్‌వాడీ టీచర్ల కోసం చిన్న కరపత్రం రాస్తున్నాం. నెలా రెండు నెలల పిల్లలు సాయంత్రమయ్యేసరికి మొహం కందగడ్డలా చేసుకుని, కాళ్ళు కడుపులోకి ముడుచుకుని, పాలిచ్చినా ఎత్తుకున్నా ఊరుకోకుండా ఏడుస్తారు కదా, డాక్టర్లు కోలిక్ అనేది దాన్నే. మాలో ఒకరు “గ్యాస్ నొప్పి” అని రాశారు, ఇంకొకరు “గుక్కపట్టి ఏడవడం” అన్నారు. చదవగానే తల్లికి తెలిసిపోయే మాట ఏది?

విశ్వనాథం: “కడుపుశూల” అనండి, పాత మాట, చక్కటి మాట. చంటిపిల్లలకి అది వాయువే, అనుమానం లేదు. తల్లి శనగపప్పు, దుంపలు తింటే పాలలోకి దిగి బిడ్డకి వాయువు చేస్తుంది. వాము నీళ్ళు రెండు చుక్కలు పోస్తే కింద నుంచి పోతుంది, బిడ్డ హాయిగా పడుకుంటుంది.

మాధవి (పిల్లల డాక్టర్): విశ్వనాథం గారూ, కడుపులో గాలి ఉంటుందన్నది నిజమే. ఏది ముందు, ఏది తర్వాత అన్న దగ్గరే తేడా. గుక్కగుక్కకీ బిడ్డ గాలి మింగుతుంది. గంటసేపు ఏడ్చాక పొట్ట బిర్రబిగుస్తుంది, చివర్లో ఆ గాలి పోతుంది. అప్పటికి బిడ్డ అలిసి ఏడుపు తగ్గిస్తుంది. చూసేవాళ్ళకి గాలి పోయింది కాబట్టే ఏడుపు ఆగిందనిపిస్తుంది.

కాళ్ళు ముడుచుకోవడం కూడా కడుపునొప్పికి గుర్తు కాదు. గట్టిగా ఏడ్చినప్పుడు పొట్ట కండరాలు బిగుస్తాయి, వాటితోపాటు తొడలు పైకి వస్తాయి. టీకా వేసిన రోజు చూడండి, నొప్పి తొడలో ఉన్నా కాళ్ళు అలాగే ముడుస్తారు.

తల్లి తిన్న పప్పు సంగతి. పప్పులో అరగని పీచు ఆమె పెద్దపేగులో పులిసి గాలి అవుతుంది. ఆ పీచుగానీ ఆ గాలి బుడగలుగానీ పాలలోకి రావు. కాబట్టి బాలింతకి పప్పూ కూరా మాన్పిస్తే ఆమె నీరసపడుతుందే తప్ప బిడ్డకి ఒరిగేదేమీ లేదు. పాలలోకి కాస్త దిగేవి ప్రోటీన్లు. ఆవు, గేదె పాల ప్రోటీన్ పడని పిల్లలు కొద్దిమంది ఉంటారు. వాళ్ళకి ఏడుపొక్కటే కాదు, విరేచనంలో రక్తపు చారలో, ఒంటి మీద మానని ఎర్రటి దద్దురో, బరువు పెరగకపోవడమో కనిపిస్తాయి. అలాంటప్పుడు డాక్టర్‌ని అడిగి తల్లి రెండు వారాలు పాలూ పెరుగూ మానేసి చూడొచ్చు.

శ్రీలత: మరి సాయంత్రమే ఎందుకండీ?

మాధవి: పూర్తిగా తేలలేదు. తెలిసిందేమిటంటే ఈ ఏడుపు రెండో వారం నుంచి పెరుగుతుంది, ఆరో వారానికి తారస్థాయికి వెళ్తుంది, మూడు నాలుగు నెలలకి దానంతటదే తగ్గుతుంది. నెల ముందే పుట్టిన బిడ్డకి ఆరు వారాలు పుట్టిన రోజు నుంచి కాదు, డాక్టర్ చెప్పిన తేదీ నుంచి లెక్క. అంటే ఆ బిడ్డకి పదో వారం దగ్గర ఎక్కువవుతుంది. తల్లిపాలు తాగేవాళ్ళలోనూ డబ్బాపాలు తాగేవాళ్ళలోనూ ఉంటుంది. కారణం కడుపే అయితే పుట్టాల్సిన తేదీ చూసుకుని నడవదు కదా. వెలుతురు, చప్పుడు, చేతులు మారడం వీటన్నిటినీ పక్కనపెట్టి నిద్రలోకి జారే నేర్పు మెదడుకి ఇంకా రాలేదని, పొద్దుటి నుంచి పోగైన అలసట సాయంత్రానికి బయటపడుతుందని చాలామంది అనుకుంటారు. నేనూ అటే మొగ్గుతాను.

నరేష్: మా బాబుకి పదో నెల. చేతిలో బొమ్మ లాక్కుంటే చాలు, గుక్కపట్టి పెదాలు నీలంగా అయిపోతాయి, ఒక్కోసారి వాలిపోతాడు. ఇదీ కోలిక్కేనా? మందేమిటి?

మాధవి: కాదు నరేష్ గారూ. మీ వాడిది ఊపిరి బిగబట్టడంలా ఉంది. ఆరు నెలలు దాటాక మొదలవుతుంది, కోపమో దెబ్బో ముందు ఉంటుంది, నిమిషంలోపే తేరుకుంటారు. అప్పుడు పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో నీళ్ళు పోయకండి. ఐరన్ తక్కువైతే ఇది ఎక్కువవుతుంది, హిమోగ్లోబిన్ చూపించండి. వాలిపోతున్నాడు కాబట్టి డాక్టర్ ఒకసారి చూడాలి. శ్రీలత గారూ, గమనించారా? కరపత్రంలో “గుక్కపట్టడం” అని రాస్తే రెండూ కలిసిపోతాయి.

పద్మజ: మా చెల్లెలి పాపకి యాభై రోజులు. పుట్టినప్పుడు 2.9 కిలోలు, ఇప్పుడు 4.1. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఏడుపే. మందులషాపులో చుక్కల మందు ఇచ్చారు, వెయ్యొచ్చా?

మాధవి: బరువు బాగా పెరుగుతోంది. పగలూ రాత్రీ కలిపి ఆరుసార్లకు పైగా పాసు పోస్తోందంటే పాలు సరిపోతున్నట్టే. ఇవాళ ఏడుపు మొదలవగానే బట్టలన్నీ విప్పి చూడమనండి. వేళ్ళకి తల వెంట్రుకగానీ దారంగానీ చుట్టుకుందా, మొలతాడో చేతి నల్లదారమో బిగుసుకుందా, గజ్జల్లో గడ్డలా పొంగిందా. మగబిడ్డయితే వృషణాలు కూడా. జ్వరం 100.4 ఫారెన్‌హీట్ తాకినా, ఆకుపచ్చగా వాంతి అయినా, పాలు తాగడం మానేసినా తెల్లారేదాకా ఆగకూడదు.

ఇవేవీ లేకపోతే పాలు పట్టాక పది నిమిషాలు భుజాన నిలువుగా ఎత్తుకుని, లైటు తగ్గించి, ఒక్కరే ఎత్తుకోవాలి. ముంజేతి మీద బోర్లా వేసుకుని మెల్లగా నడవడం చాలామందికి పనిచేస్తుంది. ఏ పద్ధతైనా కనీసం ఐదు నిమిషాలు చేయాలి. అరనిమిషానికోసారి ఊపు, పాట, చేతులు మారుస్తూ పోతే బిడ్డ ఇంకా రెచ్చిపోతుంది. ఎత్తుకున్నవాళ్ళకి ఓపిక నశిస్తే ఉయ్యాల్లో వెల్లకిలా పడుకోబెట్టి పది నిమిషాలు పక్క గదిలోకి వెళ్ళొచ్చు. కోపంలో బిడ్డని పట్టి కుదిపితే మెదడులో రక్తనాళాలు తెగుతాయి.

సీసా మీద పేరు చదవండి. సిమెథికోన్ అయితే హాని లేదు, ఈ ఏడుపుకి ఉత్తుత్తి చుక్కలకన్నా మేలు చేసినట్టు పరీక్షల్లో తేలలేదు. డైసైక్లోమిన్ ఉంటే మాత్రం ఒక్క చుక్క కూడా వద్దు. ఆరు నెలల లోపు పిల్లలకి దానితో ఊపిరి ఆగిన సందర్భాలున్నాయి.

విశ్వనాథం: గ్రైప్ వాటర్ తాతల నాటి నుంచీ ఉంది కదమ్మా, దాంతో పిల్లలు ఊరుకునేవాళ్ళు.

మాధవి: ఊరుకునేవాళ్ళండీ. 1851లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ చేసిన ఆ మందులో సోయికూర గింజల నూనె, వంటసోడా, పంచదారతోపాటు ఆల్కహాల్ కూడా ఉండేది. ఇప్పటివాటిలో ఆల్కహాల్ తీసేశారు. అయినా ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప వామునీళ్ళూ, వసా, తేనే ఏవీ వద్దు. తేనె ఏడాది దాకా వద్దు, అందులో ఉండే ఒక క్రిమి విషం బిడ్డ కండరాలని చచ్చుబడేస్తుంది.

శ్రీలత: “సందె ఏడుపు” అంటే ఎలా ఉంటుంది? ఎందుకొస్తుందో చెప్పదు, ఎప్పుడొస్తుందో చెబుతుంది.

విశ్వనాథం: మా వైపు సందెవేళ ఏడిస్తే గాలి సోకిందనో దిష్టి అనో అంటారు. ఆ పేరు పెడితే జనం తాయెత్తు కట్టించుకోవడానికి వెళ్తారు. “శూల” మీద నా పట్టు నేను వదలను.

మాధవి: ఆ భయం నాకూ ఉంది. పేరు ఏదైనా కింద ఒక వాక్యం తప్పక వేయండి. ఐదారు నెలలు దాటిన బిడ్డకి కొత్తగా ఇలాంటి ఏడుపు వస్తే, మధ్యమధ్య పావుగంట ఊరుకుని మళ్ళీ కాళ్ళు ముడిచి కెవ్వుమంటే, పాలిపోయి వాంతులు చేసుకుంటే అది ఈ ఏడుపు కాదు. పేగులో పేగు దూరి ఉండొచ్చు. ఎర్రటి జిగురులాంటి విరేచనం అయ్యేదాకా చూడకుండా ఆ గంటలోనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి.

పద్మజ: చుక్కల సీసా ఇప్పుడే చూశాను, డైసైక్లోమిన్ అనే ఉంది. వాళ్ళకి ఫోన్ చేస్తున్నా.