హాస్టల్ గదులకు స్టేబుల్ మ్యాచింగ్ పనికొస్తుందా? చీటీలే మేలా?

కూకట్‌పల్లి వార్డెన్: మా దగ్గర 30 టూ-షేరింగ్ గదులు, 60 మంది పిల్లలు. అందరిచేతా ఇష్టాల వరుస రాయించి, ఏ ఇద్దరూ "మార్చుకుంటాం సార్" అని రాకుండా జతలు వేయొచ్చా? చీటీలు తీయడమే నయమా?

లెక్కల పిచ్చి: నిక్షేపంలా వేయొచ్చు. గేల్, షాప్లీ అనే గణితవేత్తలు 1962 నాటి వ్యాసంలోనే నిరూపించారు. నిలకడైన జతలు, అంటే తమ జతగాళ్ల కన్నా ఒకరికొకరు ఎక్కువ ఇష్టమైన ఇద్దరు వేరువేరు గదుల్లో మిగలని జతలు, ఎప్పుడూ దొరుకుతాయి.

పాత ప్రోగ్రామర్: అది పెళ్లిళ్లలా రెండు వైపులున్నప్పుడండీ. ఇక్కడ ఉన్నది ఒకటే గుంపు. జవాబు దొరకని రూమ్మేట్ల ఉదాహరణ కూడా అదే వ్యాసంలో ఉంది. నలుగురితో చూడండి:

```
రవి:   కిరణ్, సలీం, దీపక్
కిరణ్: సలీం, రవి, దీపక్
సలీం:  రవి, కిరణ్, దీపక్
దీపక్: రవి, కిరణ్, సలీం
```

రవి–దీపక్, కిరణ్–సలీం అని వేశారనుకోండి. రవికి దీపక్ కన్నా సలీం ఇష్టం, సలీంకి కిరణ్ కన్నా రవి ఇష్టం. ఆ ఇద్దరూ కలిసి మీ గది తలుపు కొడతారు. మిగతా రెండు రకాలుగా వేసినా ఇదే గొడవ, మనుషులే మారతారు.

ఇర్వింగ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1985లో ఇచ్చిన రెండు దశల పద్ధతి దీన్ని ముందే పట్టేస్తుంది. మొదటి దశలో ఒక్కొక్కరూ తమ వరుసలో పైవాళ్లతో మొదలుపెట్టి, కాదంటే తర్వాతివాళ్లను అడుగుతారు. అడిగినవాళ్లలో మెరుగైన ఒకరిని చేతిలో ఉంచుకుని మిగతావాళ్లను కాదంటారు. పై నలుగురిలో రవి కిరణ్‌ని, కిరణ్ సలీంని, సలీం రవిని అడిగి నిలబడతారు. దీపక్‌ని ముగ్గురూ కాదంటారు, అతని వరుస ఖాళీ. పూర్తి వరుసలు రాయించినప్పుడు ఎవరిదైనా అలా ఖాళీ అయిందంటే జవాబు లేనట్టే. కాకపోయినా నిశ్చింత లేదు, జవాబు లేదని రెండో దశలో కూడా బయటపడొచ్చు.

దిల్‌సుఖ్‌నగర్ అక్క: మాది త్రీ-షేరింగ్. ఇదే పద్ధతిలో ముగ్గురేసి పెడితే సరిపోదా?

పాత ప్రోగ్రామర్: సరిపోదక్కా. ముగ్గురనగానే లెక్క స్వభావమే మారిపోతుంది. అన్ని సందర్భాలకూ త్వరగా తేల్చే పద్ధతి ఇంతవరకూ ఎవరికీ తెలియదు.

అడ్డం ప్రశ్న: వార్డెన్‌గారు అడిగింది మార్చుకోవడం గురించి, మీరు చెప్పేది వేరు. రాము–గోపి, శీను–వాసు జతలు అనుకుందాం. రాముకి ముందు వాసు, తర్వాత గోపి కావాలి; శీనుకి ముందు గోపి, తర్వాత వాసు కావాలి. కానీ గోపికి రామే, వాసుకి శీనే ఇష్టం. మీ లెక్కలో ఇది నిలకడే. రాము, శీను మాత్రం మంచాలు మార్చుకుంటామని వస్తారు కదా!

పాత ప్రోగ్రామర్: వస్తారు, ఒప్పుకుంటున్నా. అలాంటి మార్పిడి కూడా రాకుండా జతలు వేయగలమో లేదో తేల్చడమే చాలా కష్టమైన లెక్క. అందుకే నియమం పెట్టండి: గది మారాలంటే గదిలో ఉండిపోయేవాళ్ల సంతకం కూడా ఉండాలి. అప్పుడు గోపి, వాసు పెట్టరు. జవాబు లేనిచోట రవి, దీపక్‌లను ఒక గదిలో వేయండి, ఫిర్యాదు రవి–సలీంల దగ్గర ఆగుతుంది.

అడ్డం ప్రశ్న: ముగ్గురిలో దీపక్‌తో పడేది రవే ఎందుకు? అది మళ్లీ చీటీయే కదా.

పాత ప్రోగ్రామర్: చీటీయే. 60 మందికి కాదు, ముగ్గురికి.

అడ్డం ప్రశ్న: ఆ ముగ్గురికీ ఈ మాట మీరే చెప్పండి.