రాధాకృష్ణన్ గారికి ‘సర్’ ఏ ఏడాది? గెజెట్‌లో దొరకడం లేదు

సీతమ్మధార: ఆంధ్ర యూనివర్సిటీ పాత వీసీల మీద గోడపటం వేస్తున్నాం. రాధాకృష్ణన్ గారి ‘సర్’ బిరుదుకు ఒకచోట 1931, ఇంకోచోట 1932 ఉంది. లండన్ గెజెట్ సైట్‌లో `Sarvepalli Radhakrishnan` కొడితే ఏమీ రాలేదు. ఎలా వెతకాలి?

పాత కాగితాలు: పేరు వదిలెయ్యండి. సైట్ వెతికేది పేజీ బొమ్మను కాదు, దాన్ని చూసి యంత్రం రాసుకున్న అక్షరాలను. పొడుగు పేరు పంక్తి చివర విరిగినా, ఒక్క అక్షరం తేడాగా అచ్చయినా తగలదు. తేదీ పట్టుకుని వెళ్లండి. అది 1931 రాజుగారి పుట్టినరోజు బిరుదుల జాబితా. జూన్ 1 నుంచి 5 వరకు పెట్టి `Andhra` ఒక్కటే కొట్టండి. అప్పటికీ రాకపోతే అనుబంధం తెరిచి, నైట్‌ల, అంటే ‘సర్’ల, పేర్లు కళ్లతో చదువుకోవడమే. పైన రెండు తేదీలుంటాయి: జూన్ 2 మంగళవారం గెజెట్‌కు అనుబంధమని ఒకటి, కింద జూన్ 3 బుధవారమని ఒకటి. వెలువడింది 3న.

బీచ్‌రోడ్: అది చూసి 1931 వేస్తే తప్పు. వైస్రాయ్ విల్లింగ్డన్ చేతుల మీదుగా ప్రదానం 1932 ఏప్రిల్లో.

మహారాణిపేట: మా తాతగారు తాసీల్దారు. ఆయన నియామకం కూడా ఇందులో ఉంటుందా? ఒక ఆఫీసులో అడిగితే రికార్డు లేదు పొమ్మన్నారు.

పాత కాగితాలు: లండన్‌లో ఉండదండీ. మద్రాసు ప్రభుత్వపు ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజెట్ చూడండి. జిల్లా పేరు `Vizagapatam` అని కొట్టాలి, ఇప్పటి పేరుతో దొరకదు.
బీచ్‌రోడ్ గారూ, గెజెట్‌ను మించిన ప్రమాణం ఏముంది?

బీచ్‌రోడ్: ఆ గెజెట్‌లో జాబితా మీది వాక్యం చదివారా? రాజుగారు ఇవ్వదలచినట్టు తెలిపారనే ఉంటుంది, ఇచ్చారని కాదు.

పాత కాగితాలు: ఒక్క మాట పట్టుకుని వేలాడతారేం! 1932 వేస్తే చదివినవాడు ఆ ఏడాది జాబితాలన్నీ తిరగేసి, పేరు లేదని మనల్నే తిడతాడు.

బీచ్‌రోడ్: అదీ అసలు సంగతి! మీకు కావలసింది కాగితం దొరికే తేదీ. నేనడిగేది ఆయన ‘సర్’ అయిన తేదీ.

సీతమ్మధార: ఏప్రిల్లో ఏ రోజో తెలిసేదెలా?

పాత కాగితాలు: ప్రెస్ అకాడమీ సైట్‌లో పాత తెలుగు పత్రికలు బొమ్మలుగానే ఉన్నాయి. మాట కొట్టి వెతకలేం, ఏప్రిల్ 1 నుంచి రోజుకో సంచిక తిప్పాలి. వార్తలో ‘నిన్న’ అని ఉంటే పత్రిక తేదీ నుంచి లెక్కపెట్టకండి. వార్త మొదట్లో ఊరి పక్కన వేసిన తేదీ నుంచి లెక్క.

సీతమ్మధార: కట్టమంచి రామలింగారెడ్డి గారి మరణవార్తకూ ఇంతేనా?

పాత కాగితాలు: ఇంతే. పోయింది 1951 ఫిబ్రవరి 24న, 25 సంచిక నుంచి చూడండి. సంతాప సభల వార్తలు తర్వాతా వస్తుంటాయి, వాటిని బట్టి మరణ తేదీ కట్టొద్దు.

బీచ్‌రోడ్: గోడపటం మీద 1931 పక్కన ‘ప్రకటన’ అన్న మాట లేకపోతే మాత్రం నేనొప్పుకోను.