చాక్లెట్ మాల్ట్ పొడి కలిపిన పాలా, ఉత్త పాలా?

రాజోలు అమ్మ: మా బాబుకి ఆరేళ్లండి. ఉత్త పాలు ముట్టడు, చాక్లెట్ మాల్ట్ పొడి కలిపితేనే గ్లాసు ఖాళీ చేస్తాడు, రోజుకి రెండు పూటలా. మా అత్తయ్యగారు పైన ఇంకో చెంచా పంచదార వేస్తారు. పాలల్లోనూ చక్కెర ఉంటుందంటున్నారు కదా, అలాంటప్పుడు పొడి మానిపించి లాభం ఏంటి?

భీమవరం డైటీషియన్: పాలల్లో ఉండేది లాక్టోజండి. ఆవు పాలైనా గేదె పాలైనా 200 మిల్లీలీటర్లలో 10 గ్రాముల దాకా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టిన చక్కెరల్లో అది లేదు. మీరు చూడాల్సింది బయటి నుంచి పడేది. డబ్బా వెనక 'టోటల్ షుగర్స్', 'యాడెడ్ షుగర్స్' అని రెండు వరుసలుంటాయి. యాడెడ్ 100 గ్రాములకి 32 అని ఉందనుకోండి. డబ్బా మీద చెప్పే కొలత 20 గ్రాములైతే గ్లాసుకి 6.4 గ్రాములు. అత్తయ్యగారి చెంచా పంచదార మరో 5. రెండు గ్లాసులకి దాదాపు 23 అయిపోయింది. రోజుకి 1,400 కేలరీలు తినే పిల్లాడికి ఆ సంస్థ చెప్పే గరిష్ఠం 35 గ్రాములు, 17కి లోపుంటే ఇంకా మంచిదంటుంది. బిస్కెట్లు, కాజాలు ఇంకా లెక్కలోకి రాలేదు.

మండపేట శ్రీను: ఆ డబ్బాలన్నీ 2024లో గవర్నమెంటు బ్యాన్ చేసేసింది కదండీ! పంచదార బదులు బెల్లం వేసుకుంటే ఏ గొడవా లేదు.

భీమవరం డైటీషియన్: బ్యాన్ చేయలేదండి శ్రీనుగారూ. ఆన్‌లైన్ అమ్మకందార్లని వాటిని 'హెల్త్ డ్రింక్' విభాగంలోంచి తీసెయ్యమన్నారు, ఎందుకంటే ఆహార భద్రత చట్టంలో ఆ పేరుతో ఏ నిర్వచనమూ లేదు. అమ్మకం నడుస్తూనే ఉంది. బెల్లంలో ఉన్నదీ చాలామటుకు పంచదారే, దాన్నీ ఇందులోనే కలుపుకోవాలి.

కొత్తపేట వెంకట్: మా నాన్నగారికి షుగరండి. రాత్రి పూట ఈ పొడి వేసి ఇవ్వొచ్చా?

పాలకొల్లు టీచరమ్మ: వెంకట్ గారూ, అది వాళ్ల డాక్టరుగారినే అడగండి, ఇక్కడ మాట పిల్లల గురించి. నాదొక అభ్యంతరం. పొడి మానిపిస్తే మా క్లాసు పిల్లల్లో చాలామంది పాలే మానేస్తారు. కాల్షియం పోతుంది. పైగా పాలల్లో ఐరన్ దాదాపు ఉండదు, పొడిలో కలుపుతారు. అది మీ లెక్కలో ఎక్కడుంది?

భీమవరం డైటీషియన్: ఐరన్ మాట నిజమేనమ్మా. కానీ దానికోసం ఇంత తీపి అక్కర్లేదు, చోడి జావ, తోటకూర, గుడ్డు ఉన్నాయి. పాలు మానేస్తారన్నదానికి నేను చెప్పేది ఒక్కసారిగా తీసెయ్యకండనే. ముందు పై పంచదార ఆపండి. తర్వాత పొడి వారానికి కొంచెం తగ్గించండి. చెంచాని నమ్మొద్దు. గోపురంలా తీస్తే ఒక్కటే 12 గ్రాములు తూగింది మా ఇంట్లో, అలాంటివి రెండేస్తే డబ్బా చెప్పిన కొలత దాటినట్టే. ఇంకో మాట: మాల్ట్‌లోంచి వచ్చే చక్కెర కొన్ని డబ్బాల మీద టోటల్‌లోనే కనిపిస్తుంది, యాడెడ్‌లో ఉండదు. నేనైతే దాన్నీ కలుపుకుంటాను.

పాలకొల్లు టీచరమ్మ: తగ్గించడానికి ఒప్పుకుంటాను. పూర్తిగా మానిపించడానికి మాత్రం ఒప్పుకోను. గ్లాసు పాలు కడుపులో పడటమే నాకు ముఖ్యం.

రాజోలు అమ్మ: కిరాణా కొట్టు కాటా మీద మా చెంచా తూచి చూస్తానండి. పంచదార డబ్బా సంగతి అత్తయ్యగారితో ఎలా చెప్పాలో ఎవరైనా చెప్పండి.