ఒక స్లైడ్‌కి ఒకే ఐడియా అంటే ఏ లెక్కన? చివరి స్లైడ్ ఎవరి కోసం?

కొత్తచేయి:
ఇన్‌స్టాలో ‘పాత ఫోన్ అమ్మే ముందు ఏం చేయాలి’ అని 7 స్లైడ్ల కరౌసెల్ పెట్టాను. స్నేహితులు ముగ్గురు 3వ స్లైడ్ దగ్గరే ఆపేశామన్నారు. చివర్లో లైక్, సేవ్, షేర్, ఫాలో, బయోలో లింక్ అని ఐదూ అడిగాను, ఎవరూ ఏదీ చేయలేదు. ఒక స్లైడ్‌కి ఒకే ఐడియా అంటారు కదా, నేను అలాగే చేశాను. ఎక్కడ తప్పింది? 3వ స్లైడ్ ఇదీ: ‘బ్యాకప్ తీసుకోండి. ఫోటోలు, కాంటాక్ట్‌లు, వాట్సాప్ చాట్‌లు, ఆథెంటికేటర్ కోడ్‌లు. తర్వాత గూగుల్ అకౌంట్ తీసేసి రీసెట్ చేయండి.’

కుంచెరాయుడు:
అక్షరాలు ఎక్కువయ్యాయి బ్రదర్, అంతే. స్లైడ్‌కి పది మాటలు దాటకూడదు. మీవి పద్నాలుగు ఉన్నాయి. సైజు పెంచండి, మాటలు తగ్గించండి, ఆటోమేటిగ్గా ఒకే ఐడియా మిగులుతుంది.

లెక్కలపద్దు:
మాటలు లెక్కపెడితే ఐడియాలు లెక్క తేలవు. ‘బ్యాకప్, అకౌంట్, రీసెట్’ అని మూడు మాటల్లో రాసినా అందులో ఐడియాలు మూడే.

కొత్తచేయి గారూ, మీ దగ్గర 3వ స్లైడ్‌కి ఒక శీర్షిక ఉంది, దాన్ని మీరు ఐడియా అనుకున్నారు. నేను చూసే పద్ధతి చెప్తాను. స్లైడ్ చదివినవాడు ఫోన్ చేతిలోకి తీసుకుని ఏం నొక్కాలి? ఒకే చోటికి వెళ్ళి ఒకే పని చేస్తే అది ఒక ఐడియా. ఫోటోలు, కాంటాక్ట్‌లు రెండూ గూగుల్ అకౌంట్‌లోకి చేరుతున్నాయో లేదో చూసుకోవడమే, కాబట్టి అవి కలిసి ఉండొచ్చు. వాట్సాప్ వేరు, దాని సెట్టింగ్స్‌లోకి వెళ్ళి చాట్ బ్యాకప్ నొక్కాలి. లాగిన్ కోడ్‌లు ఇచ్చే ఆథెంటికేటర్ యాప్ మరీ వేరు. అందులో సింక్ ఆన్ చేసుకోకపోతే ఆ యాప్‌లోంచే కొత్త ఫోన్‌కి మార్చుకోవాలి, రీసెట్ అయ్యాక ఆ యాప్‌లో చేయడానికి ఏమీ ఉండదు. మీ మొత్తం పోస్టులో జనానికి తెలియనిది అదొక్కటే. దాన్ని తీసుకెళ్ళి జాబితాలో నాలుగో మాటగా పెట్టారు.

పాతగాయం:
ఈ ‘ఒక స్లైడ్‌కి ఒక ఐడియా’ వల్లే నేను మునిగాను. 2024లో ఇన్‌స్టా 10 నుంచి 20 స్లైడ్ల దాకా పెట్టుకోవచ్చు అన్నాక మా క్లయింట్ ప్రతి వాక్యాన్నీ ఒక స్లైడ్ చేయమన్నాడు. పోస్ట్‌కి ఇంత అని మాట్లాడుకున్నాం, స్లైడ్‌కి కాదు. రెట్టింపు పని, అదే డబ్బు. ఆ రూల్ కనిపెట్టినవాళ్ళని నాకు చూపించండి.

కుంచెరాయుడు:
చూశారా! పద్దు గారి లెక్కన పోతే అక్కడికే చేరతాం. ఇప్పుడు 7 ఉన్నవి 12 అవుతాయి. 3 దగ్గరే ఆగినవాడు 12 చూస్తాడా?

లెక్కలపద్దు:
పాతగాయం గారిది డబ్బు మాట్లాడుకోవడంలో వచ్చిన గొడవ, దాన్ని దీనికి కట్టకండి. 12 ఎందుకు అవుతాయి? మిగతా స్లైడ్లు కూడా పెట్టండి కొత్తచేయి గారూ, చూద్దాం.

కొత్తచేయి:
1 కవర్. 2 ‘ఈ పోస్ట్‌లో మనం తెలుసుకోబోయేవి’. 3 పైన పెట్టాను. 4 సిమ్ తీయండి, మెమరీ కార్డు తీయండి. 5 రీసెట్ ఎలా చేయాలి. 6 డబ్బా, ఛార్జర్, బిల్లు ఉంటే మంచి రేటు వస్తుంది. 7 ఆ ఐదు పనులు.

లెక్కలపద్దు:
2వ స్లైడ్ తీసేయండి. కవర్ చూసి స్వైప్ చేయకుండా పోయినవాళ్ళకి ఇన్‌స్టా అదే పోస్ట్‌ని ఇంకోసారి 2వ స్లైడ్‌తో చూపిస్తుంటుంది. అంటే మీ 2వ స్లైడ్ వాళ్ళకి రెండో కవర్. అక్కడ విషయసూచిక కనపడితే మళ్ళీ దాటేస్తారు. 6 కూడా తీసేయండి. అది రేటు గురించి, మిగతావన్నీ మీ డేటా గురించి. మంచి విషయమే, కానీ అది ఇంకో కరౌసెల్.

ఇప్పుడు మిగిలినవి ఇలా పేర్చుకోండి. కవర్: ‘పాత ఫోన్ అమ్ముతున్నారా? రీసెట్ ఒక్కటే చాలదు.’ 2: ‘రీసెట్ కొడితే ఆథెంటికేటర్ కోడ్‌లు కూడా పోవచ్చు. ముందు వాటిని కొత్త ఫోన్‌కి మార్చుకోండి.’ కవర్‌లో వచ్చిన ‘ఎందుకు చాలదు’ అన్న ప్రశ్నకి ఇది జవాబు, పైగా కవర్ చూడనివాడికి విడిగా కూడా అర్థమవుతుంది. 3 ఫోటోలు, కాంటాక్ట్‌లు. 4 వాట్సాప్. 5లో అకౌంట్ తీయడం, కారణంతో సహా: అకౌంట్ తీయకుండా రికవరీ మెనూలోంచి రీసెట్ చేస్తే, కొన్నవాళ్ళు ఆన్ చేయగానే ఫోన్ మీ పాత అకౌంట్ అడుగుతుంది, వాళ్ళు మీకు ఫోన్ చేస్తారు. 6 సిమ్, మెమరీ కార్డు. చాలా ఫోన్లలో ఒకే పిన్ను, ఒకే ట్రే, అందుకే ఒకే స్లైడ్. 7 రీసెట్. 8 చివరిది. మీ 7కి నేను కలిపింది ఒక్కటి.

దారినపోయేవాడు:
ఐఫోన్ వాళ్ళం ఏం పాపం చేశాం?

లెక్కలపద్దు:
5వ స్లైడ్‌లో ‘ఐఫోన్ అయితే ఫైండ్ మై ఆపండి’ అని పెట్టొచ్చు. పెడితే ఒక స్లైడ్‌లో రెండు పనులవుతాయి, అది నాకూ ఇబ్బందిగానే ఉంది. క్యాప్షన్‌లో పెట్టడం మేలేమో.

కుంచెరాయుడు:
ఆహా, రూల్ చెప్పినావిడే రూల్ తప్పుతున్నారు. క్యాప్షన్ ఎవడు చదువుతాడండీ?

సరే, పేర్పు బాగుంది, ఒప్పుకుంటా. కానీ చివరి స్లైడ్ జోలికి రాకండి. ఫాలో అన్నది ఉండి తీరాలి. ఐదూ ఉంటే ఐదుగురు తలా ఒకటి చేస్తారు.

లెక్కలపద్దు:
ఐదూ ఉన్నాయి, ఒక్కటీ జరగలేదు, ఆయనే చెప్పారుగా. 7వ స్లైడ్ దాకా వచ్చినవాడి మనసులో ఏముంటుందో చూడండి. ‘బాగుంది, కానీ నేను ఇవాళ ఫోన్ అమ్మట్లేదు.’ ఆ మాటకే జవాబివ్వాలి: ‘ఫోన్ అమ్మే రోజు ఇది కావాలి. సేవ్ చేసుకోండి.’ పక్కన సేవ్ గుర్తు, ఇంకేం వద్దు. బయోలో లింక్ ఎందుకు? ఆ లింక్‌లో ఏముందో ముందు స్లైడ్లలో ఎక్కడా చెప్పనేలేదు.

గడియారం:
నా ఓటు సేవ్‌కి కాదు. సేవ్ చేసింది మళ్ళీ ఎవరు తెరుస్తారు? నా సేవ్‌లలో వందలున్నాయి, ఒక్కటీ చూడలేదు. ‘ఇప్పుడే వాట్సాప్ తెరిచి చివరి బ్యాకప్ ఏ తేదీదో చూడండి’ అని పెట్టండి. అర నిమిషం పని, ఫోన్ అమ్మనివాడికీ పనికొస్తుంది.

కుంచెరాయుడు:
అద్భుతం! చదివేవాణ్ణి ఇన్‌స్టాలోంచి బయటికి పంపేసే చివరి స్లైడ్. అకౌంట్‌కి ఏం మిగిలింది?

గడియారం:
ఆయన అకౌంట్ గురించి అడగలేదు.

కుంచెరాయుడు:
అందరూ అడిగేది అదేనండీ, పైకి అనరు. మీరిద్దరూ పాఠాలు చెప్పేవాళ్ళలా మాట్లాడుతున్నారు. నెలాఖరున నేను క్లయింట్‌కి చూపించే కాగితంలో ‘ఇంతమంది బ్యాకప్ తేదీ చూసుకున్నారు’ అన్న గడి ఉండదు. కొత్త ఫాలోవర్లు ఎంత అని ఉంటుంది. ఆ అంకె తగ్గితే నా పని పోతుంది. పోయినసారి ఇలాగే చివర్లో ఒక్క ‘సేవ్’ పెట్టి, నాలుగు రోజులు తిట్లు తిన్నాను. నీతులు చెప్పడం తేలిక.

లెక్కలపద్దు:
నీతులు చెప్పింది ఎవరండీ? పొద్దుట్నుంచీ ఫాంటు సైజు, మాటల లెక్క, స్లైడ్ల లెక్క అని తిప్పుతున్నారు. అసలు సంగతి ఇదని మొదటే చెప్పి ఉంటే ఇంత రాసేదాన్ని కాదు. నేను చివరి స్లైడ్ చదివేవాడి కోసం అనుకుంటున్నాను, మీరు అకౌంట్ కోసం అనుకుంటున్నారు. ఇద్దరం చెప్పేది ఒకే స్లైడ్ గురించి కానే కాదు.

పాతగాయం:
క్లయింట్ల విషయంలో రాయుడు గారికే నా మద్దతు.

లెక్కలపద్దు:
ఇంకొక్కటి చెప్పి ఊరుకుంటాను. ఫాలోనే కావాలంటే ఫాలో ఒక్కటే అడగండి, తప్పు లేదు. కానీ దానికి కారణం ముందు స్లైడ్లలోంచి రావాలి. ‘పాత ఫోన్ ఖాళీ అయింది. కొత్త ఫోన్‌లోకి చాట్‌లు తెచ్చుకోవడం వచ్చే పోస్ట్‌లో. ఫాలో అయితే కనపడుతుంది.’ ఇలా అడిగితే అడుక్కున్నట్టు ఉండదు. అయితే ఆ వచ్చే పోస్ట్ నిజంగా పెట్టాలి.

కుంచెరాయుడు:
ఇది పనికొస్తుంది. కింద చిన్నగా సేవ్ గుర్తు కూడా పెడతాను, మీరు చూడనట్టు ఉండండి.

లెక్కలపద్దు:
చూశాను. వద్దు.

కొత్తచేయి:
మార్చి ఆ ముగ్గురికే పంపాను, ఏమీ చెప్పకుండా ‘ఎక్కడ ఆపారు’ అని మాత్రం అడిగాను. ఇద్దరు చివరిదాకా వెళ్ళారు. ఒకరు 5 దగ్గర ఆగారు, ‘రికవరీ మెనూ అంటే ఏంటి’ అని అడిగారు. ముగ్గురు స్నేహితులే కాబట్టి దీన్నిబట్టి పెద్దగా చెప్పలేను. చివర్లో ప్రస్తుతానికి సేవ్ పెట్టాను. గడియారం గారిది తర్వాతి పోస్ట్‌లో పెట్టి చూస్తాను.

లెక్కలపద్దు:
5లో ఆ మాట నేనే ఇరికించాను. ‘అకౌంట్ తీయకపోతే, కొన్నవాళ్ళ చేతిలో ఫోన్ లాక్ అవ్వొచ్చు’ అంటే సరిపోయేది. మార్చండి.

దారినపోయేవాడు:
మధ్యలో వచ్చి అడుగుతున్నా, ఏమనుకోకండి. పోయిన వారమే పాత ఫోన్ రీసెట్ చేసి ఇచ్చేశాను. ఇప్పుడే ఆ 2వ స్లైడ్ చదివి ఆథెంటికేటర్ తెరిచి చూస్తే ఖాళీగా ఉంది. ఏం చేయాలి?

లెక్కలపద్దు:
ఆ అకౌంట్లకి టూ స్టెప్ పెట్టినప్పుడు బ్యాకప్ కోడ్‌లు కొన్ని ఇచ్చి ఉండొచ్చు. ఎక్కడైనా రాసుకున్నారా? ఇంకా ఏదైనా కంప్యూటర్‌లో లాగిన్ అయి ఉంటే మాత్రం అక్కడ లాగౌట్ కొట్టకండి, ముందు సెక్యూరిటీ సెట్టింగ్స్‌లోకి వెళ్ళండి.