గ్రాట్యుటీ లెక్క: 1,04,000 అన్నారు, ఒప్పుకోవచ్చా?

నాచారం_నవీన్:
హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో 2017 జులై 3న చేరాను. 2026 ఫిబ్రవరి 13న మానేశాను. స్టాఫ్ రెండు వందల మంది పైనే. చివరి నెల పే స్లిప్ ఇదీ: బేసిక్ 26,000, హెచ్.ఆర్.ఏ. 13,000, కన్వేయన్స్ 4,000, స్పెషల్ అలవెన్స్ 35,000. మొత్తం 78,000. డీఏ లేదు. చేరినప్పుడు బేసిక్ 12,000. ఫైనల్ సెటిల్‌మెంట్ షీట్‌లో గ్రాట్యుటీ 1,04,000 అని వేశారు. "చివరి బేసిక్ మీదే కట్టాం, రూల్ అదే" అంటున్నారు. ఇది కరెక్టేనా?

గాజువాక_అబ్బాయి:
కరెక్ట్ కాదు బ్రో. అసలు చివరి బేసిక్‌తో సంబంధమే లేదు. సీటీసీలో ఏటా గ్రాట్యుటీ పేరుతో బేసిక్‌లో 4.81 శాతం చూపిస్తారు కదా, అది మీ డబ్బే. ఆ ఎనిమిదేళ్ల అంకెలు కూడితే ఎంత వస్తుందో అంతే ఇవ్వాలి. మా ఆఫీసులో అందరికీ అలాగే ఇచ్చారు.

లెక్కల_సుబ్బారావు:
గాజువాక గారూ, 4.81 ఎక్కడిదో మీరు పట్టుకున్నారు గానీ వాడిన చోటు తప్పు. పదిహేను రోజుల జీతాన్ని ఏడాది జీతంలో శాతంగా చెబితే వచ్చేదే ఆ అంకె. అది కంపెనీ తన ఖర్చు కోసం వేసుకునే అంచనా. చట్టం ప్రకారం మానేసే రోజున ఉన్న జీతం రేటే మొత్తం సర్వీసుకూ వర్తిస్తుంది. నవీన్ గారికి 12,000 బేసిక్ ఉన్న 2017లో ఆ ఏడాదికి చూపించింది ఏడు వేల లోపే ఉంటుంది. ఇప్పుడు అదే ఏడాదికి 15,000 రావాలి. మీ ఆఫీసులో కూడి ఇచ్చారంటే మీవాళ్లకూ తక్కువే ముట్టింది.

ఇక నవీన్ గారి విషయం. 1,04,000 ఎలా వచ్చిందో చూడండి: 26,000లో సగం 13,000, దాన్ని 8తో గుణించారు. అంటే నెలకు 30 రోజులు పట్టుకుని పదిహేను రోజులంటే సగం జీతం అన్నారు, పైన ఉన్న 7 నెలలు వదిలేశారు. రెండూ తప్పే. ఈ పద్ధతి గాల్లోంచి రాలేదు. గ్రాట్యుటీ చట్టం వర్తించని చోట పనిచేసినవాళ్లకు ఎంత మొత్తానికి పన్ను మినహాయింపు ఉంటుందో తేల్చడానికి ఆదాయపు పన్ను చట్టంలో ఇలాంటి లెక్కే ఉంది. సగం నెల జీతం, పూర్తయిన ఏళ్లు మాత్రమే. అక్కడైతే చివరి పది నెలల సగటు జీతం తీస్తారు. మీ అకౌంట్స్ వాళ్లు ఆ షీట్‌ను తెచ్చి ఇక్కడ పెట్టారని నా అనుమానం. పది మంది దాటిన ఆఫీసుకు అది వర్తించదు.

వారానికో సెలవు పోగా నెలలో పనిదినాలు 26 అన్నది సుప్రీంకోర్టు 1980లో దిగ్విజయ్ ఉలెన్ మిల్స్ కేసులోనే ఒప్పుకున్న లెక్క. 1987లో దాన్ని చట్టంలోనే రాసేశారు. ఆరు నెలలు దాటిన ముక్కను పూర్తి ఏడాదిగా తీసుకోవాలి. మీకు 8 ఏళ్ల 7 నెలలు, కాబట్టి 9.

26,000 × 15 ÷ 26 × 9 = 1,35,000

పాత చట్టం ప్రకారమే ఇంత రావాలి.

పద్మ_విజయవాడ:
సుబ్బారావు గారూ, నాకు 4 ఏళ్ల 8 నెలలే అయ్యాయి. ఆరు నెలలు దాటితే ఏడాది అన్నారు కదా, అంటే 5 ఏళ్లు అయినట్టేనా?

లెక్కల_సుబ్బారావు:
కాదమ్మా. ఆ సర్దుబాటు అర్హత వచ్చాక ఎన్నేళ్లకు ఇవ్వాలో లెక్కించడానికే, అర్హత తెచ్చుకోవడానికి కాదు. మీకు పనికొచ్చేది 240 రోజుల వాదన. ఐదో ఏట 240 రోజులు పనిచేస్తే ఆ ఏడాది పూర్తయినట్టేనని మద్రాసు హైకోర్టు ఒక కేసులో చెప్పింది. వారానికి ఐదు రోజులే నడిచే ఆఫీసైతే 190 రోజులు చాలు. మీ హాజరు లెక్క తీసి పెట్టుకోండి. అయితే మన దగ్గర కంపెనీలు దీన్ని సులువుగా ఒప్పుకోవు, కార్మిక శాఖ దాకా వెళ్లాల్సి రావచ్చు.

శ్రీలత_పేరోల్:
1,35,000 దగ్గర ఆగిపోయారేంటి సార్? ఈయన మానేసింది 2026లో. కొత్త సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉంది. అందులో 'వేతనం' అంటే పే స్లిప్‌లో బేసిక్ అని రాసింది ఒక్కటే కాదు. మినహాయించే అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటినంత తిరిగి వేతనంలో కలపాలి. ఈయన అలవెన్సులు 52,000, సగం అంటే 39,000. పైన ఉన్న 13,000 వచ్చి బేసిక్‌లో కలుస్తుంది. అప్పుడు రోజుకు 1,500.

39,000 × 15 ÷ 26 × 9 = 2,02,500

కాకపోతే మా మేనేజ్‌మెంట్ దీన్ని రెండు ముక్కలు చేస్తోంది. నవంబర్ 21 ముందు సర్వీసుకు పాత బేసిక్, తర్వాత సర్వీసుకు కొత్త వేతనం. ఈయన కంపెనీ కూడా అదే అంటుంది చూడండి.

లెక్కల_సుబ్బారావు:
అమ్మా, ఆ రెండు ముక్కలకు ఆధారం నాకు సెక్షన్‌లో కనిపించలేదు. చివరిగా తీసుకున్న వేతనం రేటు, పూర్తయిన ప్రతి ఏడాదికీ అన్నారు. ఫలానా తేదీ ముందు ఏళ్లకు వేరే రేటు అని లేదు. రేపు మీ జీతం పెరిగితే పాత ఏళ్లన్నీ కొత్త రేటుకే వస్తాయిగా? ఇదీ అంతే. పెద్ద కంపెనీల తీరు కూడా చూడండి. 2025 డిసెంబర్ త్రైమాసికంలో టీసీఎస్, ఇన్ఫోసిస్ లాంటివి లేబర్ కోడ్‌ల పేరుతో ఒకేసారి వెయ్యి కోట్లకు పైనే ఖర్చు రాసుకున్నాయి. కొత్త లెక్క నవంబర్ తర్వాతి సర్వీసుకే అయితే ఒక్క త్రైమాసికంలో అంత భారం ఎందుకు పడుతుంది?

శ్రీలత_పేరోల్:
ఆడిటర్ జాగ్రత్త కోసం రాయించేది వేరు, చేతికి ఇవ్వాల్సింది వేరు. పాత చట్టం ఉన్నప్పుడు చేసిన సర్వీసుకు కొత్త భారం వేయాలంటే ఆ మాట స్పష్టంగా ఉండాలి కదా అంటారు మా లాయర్. కోర్టు తీర్పు వచ్చేవరకు ఎవరి వాదన వాళ్లదే.

యూనియన్_మల్లేశ్:
ఇద్దరూ స్పెషల్ అలవెన్స్‌ను అలా వదిలేశారేంది? కోడ్‌లో మినహాయింపుల జాబితా చదవండి. ఇంటి అద్దె, ప్రయాణ భత్యం, బోనస్, ఓవర్‌టైం, కమీషన్ ఉన్నయి. స్పెషల్ అలవెన్స్ అన్న పేరే లేదు. జాబితాలో లేనిది వేతనమే. అప్పుడు తీసేసేది 17,000 మాత్రమే, వేతనం 61,000. తొమ్మిదేళ్లకు మూడు లక్షల పైమాటే. బేసిక్ తగ్గించడానికే కదా ఈ స్పెషల్ పేరు పెట్టేది!

లెక్కల_సుబ్బారావు:
వాదనలో పస ఉంది మల్లేశ్ గారూ, కొట్టిపారేయను. కానీ ఏ అధికారీ తొలి విచారణలోనే అంత దూరం వస్తాడని నేననుకోను. నవీన్ గారూ, 1,35,000 విషయంలో అసలు వివాదమే లేదు, ముందు అది రాయించుకోండి. 2,02,500 అడగండి, లెక్క కాగితం మీద చూపించి అడగండి. సెటిల్‌మెంట్ మీద "ఇక ఏ బాకీ లేదు" అన్న లైన్ కింద ఉత్త సంతకం పెట్టకండి. "గ్రాట్యుటీ మొత్తంపై అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని మీ చేత్తో రాసి, ఫొటో తీసుకోండి. మానేసిన 30 రోజుల్లో ఇవ్వాలి, ఆపైన వడ్డీ కట్టాలి.

నాచారం_నవీన్:
థాంక్యూ సార్. పొద్దున మెయిల్ పెట్టా. 26 రోజుల లెక్క, 9 ఏళ్లు ఒప్పుకున్నారు, షీట్ మార్చి 1,35,000 పంపారు. 39,000 గురించి మాత్రం "లీగల్ టీమ్ చూస్తోంది" అని ఒకే లైన్. సంతకం ఇంకా పెట్టలేదు.

యూనియన్_మల్లేశ్:
పెట్టకు తమ్మీ. ఆ ఒక్క లైన్ మెయిల్ కూడా దాచిపెట్టు, కార్మిక శాఖకు పోతే అదే మొదటి కాగితం.